మార్కెట్లు భయపడితే యెన్ ఎందుకు బలపడుతుంది?

2011 మార్చి 11న జపాన్ ఈశాన్య తీరంలో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. వెంటనే సునామీ ఊళ్లను ముంచెత్తింది. ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ఒకదాని తర్వాత ఒకటిగా పేలుళ్లు జరిగాయి. కర్మాగారాలు మూతపడ్డాయి, కరెంటు కోతలు మొదలయ్యాయి. మరుసటి వారం మార్కెట్లు తెరుచుకున్న రెండు రోజుల్లోనే టోక్యో షేర్ల సూచీ నిక్కీ సుమారు 16 శాతం పడిపోయింది. జపాన్ ప్రభుత్వ అప్పు అప్పటికే ఆ దేశ వార్షిక ఆదాయానికి రెట్టింపు దాకా ఉంది.

ఇంత నష్టపోయిన దేశపు కరెన్సీ విలువ పడిపోవాలి. జరిగింది అందుకు పూర్తిగా భిన్నం. భూకంపానికి ముందు ఒక డాలర్ కొనాలంటే సుమారు 83 యెన్లు పట్టేవి. ఆరు రోజుల తర్వాత, మార్చి 17 తెల్లవారుజామున, 76.25 యెన్లకే డాలర్ వచ్చింది. డాలర్‌కు తక్కువ యెన్లు చాలుతున్నాయంటే యెన్ బలపడిందని అర్థం. 1995 నుంచి నిలిచి ఉన్న రికార్డు ఆ ఉదయం చెరిగిపోయింది. దేశం కుదేలైన వారంలో దాని కరెన్సీ అంతకుముందు ఎన్నడూ లేనంత ఎత్తుకు చేరింది.

ప్రపంచ మదుపరులు భయపడినప్పుడు ఇలా బలపడే కరెన్సీలను ‘సేఫ్ హెవెన్’ కరెన్సీలంటారు. తెలుగు పత్రికలు సురక్షిత కరెన్సీలని రాస్తుంటాయి. జపాన్ యెన్, స్విస్ ఫ్రాంక్, అమెరికా డాలర్ ఈ కోవలో ముఖ్యమైనవి. భయపడిన డబ్బు భద్రత కోసం ఈ దేశాలకు పరుగెత్తుతుందని, అందుకే అవి బలపడతాయని మనం తరచూ చదువుతాం. ఆ మాటలో కొంత నిజం ఉంది. యెన్ విషయంలో మాత్రం అసలు కారణం వేరే. కష్టకాలంలో యెన్‌ను కొనేవాళ్లలో ఎక్కువమంది దానిమీద నమ్మకంతో కొనరు. మంచి రోజుల్లో తీసుకున్న యెన్ అప్పును తీర్చాల్సి వచ్చి కొంటారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే మిగతా ముడులన్నీ విడిపోతాయి.

చౌక అప్పు ఎక్కడ దొరుకుతుంది?

జపాన్‌లో 1990ల చివరి నుంచి వడ్డీ రేట్లు దాదాపు సున్నా దగ్గరే ఉంటూ వచ్చాయి. 2016 నుంచి 2024 మార్చి దాకా ఆ దేశపు కేంద్ర బ్యాంకు, బ్యాంక్ ఆఫ్ జపాన్, తన కీలక రేటును సున్నాకంటే కాస్త తక్కువలో ఉంచింది. అదే కాలంలో మరో దేశంలో నాలుగైదు శాతం వడ్డీ దొరుకుతుంటే మదుపు సంస్థలకు ఒక దారి కనబడుతుంది. యెన్లు అప్పు తీసుకోవాలి, వాటిని అమ్మి డాలర్లో, ఆస్ట్రేలియా డాలర్లో, మెక్సికో పెసోలో కొనాలి, వాటిని ఎక్కువ వడ్డీ వచ్చే చోట పెట్టాలి. రెండు వడ్డీల మధ్య తేడా లాభంగా మిగులుతుంది. దీన్నే ‘క్యారీ ట్రేడ్’ అంటారు.

ఇందుకు బ్యాంకుకు వెళ్లి అప్పు పత్రం మీద సంతకం చేయాల్సిన పని కూడా లేదు. ఫలానా తేదీన ఇన్ని యెన్లు ఇస్తాను, ఇన్ని డాలర్లు తీసుకుంటాను అని ముందుగానే ఒప్పందం చేసుకుంటే చాలు, ఫలితం అదే. ఫార్వర్డ్, ఫ్యూచర్స్ ఒప్పందాలు అలాంటివే. చేతిలో ఉన్న సొమ్ముకు ఎన్నో రెట్లు విలువైన ఒప్పందాలు చేసుకోవచ్చు కాబట్టి లాభమైనా నష్టమైనా అన్ని రెట్లూ పెరుగుతుంది.

ఈ వ్యవహారంలో ప్రమాదం ఎక్కడుందో చూద్దాం. ఒకాయన బంధువుల దగ్గర పది తులాల బంగారం అరువు తెచ్చుకున్నాడనుకోండి. దాన్ని అమ్మి, వచ్చిన సొమ్మును వడ్డీకి తిప్పుతున్నాడు. నెలనెలా వడ్డీ వస్తుంది, బంధువులకు వడ్డీ కట్టే పని లేదు. కానీ ఆయన తిరిగి ఇవ్వాల్సింది డబ్బు కాదు, పది తులాల బంగారం. బంగారం ధర కదలనంత కాలం, లేదా తగ్గుతున్నంత కాలం, ఆయనకు అంతా లాభమే. ధర ఎగబాకిందంటే ఏళ్ల తరబడి సంపాదించిన వడ్డీ ఒక్క నెలలో పోతుంది. ఇలా అరువు తెచ్చి అమ్ముకున్నవాళ్లు ఊరి నిండా ఉండి, అందరూ ఒకే వారం బంగారం కొనడానికి దుకాణానికి వస్తే ధర ఇంకా పెరుగుతుంది. ఆ పెరుగుదలకు జడిసి మిగిలినవాళ్లూ పరుగెత్తుకొస్తారు. ప్రపంచ మార్కెట్లలో యెన్ పరిస్థితి అచ్చం ఇదే.

ఈ అప్పులు పుట్టేది ప్రశాంతమైన రోజుల్లో. మార్కెట్లు నిలకడగా ఉన్నంత కాలం ఎక్కువ మంది యెన్లు అప్పు చేసి అమ్ముతారు, ఆ అమ్మకాల వల్ల యెన్ ఇంకా బలహీనపడుతుంది, బలహీనపడే కొద్దీ అప్పు చేసినవాళ్లకు లాభం. అంటే యెన్ బలపడే రోజుకు కావలసిన సరంజామా అంతా అది బలహీనంగా ఉన్న రోజుల్లోనే పోగవుతుంది.

2024 ఆగస్టు: లెక్క వేసి చూస్తే

2024 జులై మొదట్లో యెన్ 38 ఏళ్లలో ఎన్నడూ లేనంత బలహీనపడింది. డాలర్‌కు 162 యెన్ల దగ్గరకు చేరింది. అమెరికాలో కీలక వడ్డీ రేటు 5.25 నుంచి 5.50 శాతం మధ్య ఉంటే, జపాన్‌లో అది సున్నా నుంచి 0.1 శాతం మధ్య ఉంది. యెన్ అప్పుతో వ్యాపారం చేసేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన కాలం ఉండదు.

ఒక మదుపు సంస్థ ఆ రోజుల్లో డాలర్‌కు 161 యెన్ల చొప్పున కోటి యెన్లు అప్పు తీసుకుని మార్చుకుందనుకుందాం. చేతికి సుమారు 62,100 డాలర్లు వస్తాయి. వాటిని 5 శాతం వడ్డీకి పెడితే ఏడాదికి 3,100 డాలర్లు. యెన్ అప్పు మీద కట్టాల్సిన వడ్డీ చెప్పుకోదగ్గది కాదు.

జులై మధ్యలో జపాన్ ప్రభుత్వం మార్కెట్లో డాలర్లు అమ్మి యెన్లు కొంది. జులై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ కీలక రేటును 0.25 శాతానికి పెంచింది. చూడ్డానికి ఇది చిన్న పెంపే. కానీ చౌక అప్పు ఎప్పటికీ చౌకగా ఉంటుందన్న ధీమాను అది కదిలించింది. ఆగస్టు 2న అమెరికా ఉద్యోగాల లెక్కలు వచ్చాయి. నిరుద్యోగం 4.3 శాతానికి చేరింది. అమెరికా మాంద్యంలోకి జారుతోందేమో, అక్కడ వడ్డీ రేట్లు త్వరలోనే తగ్గుతాయేమో అన్న భయం పుట్టింది. జపాన్‌లో వడ్డీ పెరుగుతుంది, అమెరికాలో తగ్గుతుంది అనుకున్న మరుక్షణం క్యారీ ట్రేడ్‌కు ఉన్న ఆధారమే సన్నబడిపోతుంది.

ఆగస్టు 5, సోమవారం. డాలర్‌కు 142 యెన్ల దాకా వచ్చింది. మన సంస్థ ఆ రోజు కోటి యెన్లు తిరిగి కట్టాలంటే సుమారు 70,400 డాలర్లు కావాలి. అప్పు తెచ్చినప్పుడు చేతికి వచ్చింది 62,100. నష్టం 8,300 డాలర్లు. రెండున్నరేళ్లకు పైగా కష్టపడితే వచ్చే వడ్డీ నెల గడవక ముందే పోయింది. ఈ వ్యవహారంలో సంస్థ సొంత సొమ్ము పదో వంతే, అంటే 6,200 డాలర్లే ఉంటే అది మొత్తం తుడిచిపెట్టుకుపోయి ఇంకా బాకీ మిగులుతుంది.

సొంత సొమ్ము పూర్తిగా కరిగిపోయేదాకా బ్రోకరు ఊరుకోడు. నష్టం పెరుగుతుండగానే ఇంకా డబ్బు జమ చేయమని అడుగుతాడు. దీన్ని ‘మార్జిన్ కాల్’ అంటారు. డబ్బు కట్టలేకపోతే ఒప్పందాన్ని తనంతట తానే ముగించేస్తాడు. ముగించడమంటే డాలర్లు అమ్మి యెన్లు కొనడమే. ఆ కొనుగోలుతో యెన్ మరికొంత బలపడుతుంది, దాంతో మరొకరికి మార్జిన్ కాల్ వస్తుంది. డబ్బు సర్దడానికి చాలామంది తమ దగ్గరున్న షేర్లు అమ్ముతారు. ఆ రోజు నిక్కీ 12.4 శాతం పడిపోయింది. 1987 అక్టోబరు తర్వాత ఒక్క రోజులో అంత పెద్ద పతనం అదే.

నిజానికి ఆ సోమవారం నాడు జపాన్‌లో ఏ పెద్ద కంపెనీ కూలిపోలేదు, ఏ యుద్ధమూ రాలేదు. మరుసటి రోజే నిక్కీ 10 శాతానికి పైగా లేచింది. మార్కెట్లు అస్థిరంగా ఉన్నంత కాలం రేట్లు పెంచబోమని ఆగస్టు 7న బ్యాంక్ ఆఫ్ జపాన్ డిప్యూటీ గవర్నర్ షినిచి ఉచిదా చెప్పాక యెన్ మళ్లీ కాస్త దిగింది. దేశ ఆర్థిక బలాన్ని చూసి యెన్ కొని ఉంటే ఇంత త్వరగా వెనక్కి మళ్లేవాళ్లు కాదు. అప్పుల గొలుసు ఒకేసారి తెగడం వల్ల వచ్చిన ఉధృతి కాబట్టే అంత వేగంగా వచ్చి అంత వేగంగా తగ్గింది.

2011 నాటి ఆ తెల్లవారుజాము

ఇప్పుడు భూకంపం తర్వాతి వారాన్ని మళ్లీ చూస్తే సంగతి తేటపడుతుంది. అప్పట్లో మార్కెట్లో ఒక మాట బాగా ప్రచారమైంది. జపాన్ బీమా సంస్థలు బాధితులకు పరిహారం చెల్లించడానికి విదేశాల్లోని ఆస్తులు అమ్మి, ఆ డబ్బును యెన్లలోకి మార్చి ఇంటికి తెచ్చుకుంటాయన్నది దాని సారాంశం. ఆ మాటను మార్కెట్ నమ్మడానికి కారణం ఉంది. జపాన్ ప్రభుత్వం ఎంత అప్పుల్లో ఉన్నా, ఆ అప్పులో అత్యధిక భాగం సొంత ప్రజలకు, సొంత సంస్థలకు ఉన్నదే. బయటి ప్రపంచంతో లెక్క చూస్తే జపాన్ అప్పులవాడు కాదు, షావుకారు. విదేశాల్లో ఆ దేశానికున్న ఆస్తుల్లోంచి బయటివాళ్లకు బాకీ ఉన్నది తీసేస్తే మిగిలే మొత్తంలో 1991 నుంచి మూడు దశాబ్దాలకు పైగా జపాన్‌దే ప్రపంచంలో మొదటి స్థానం. 2024 ముగిసేసరికే జర్మనీ దాన్ని దాటింది.

ఆ షావుకారు తన డబ్బును కాస్త వెనక్కి పిలిచినా యెన్‌కు గిరాకీ పెరుగుతుంది. అయితే భూకంపం తర్వాత బీమా సంస్థలు అంత పెద్ద ఎత్తున డబ్బు తెచ్చుకున్న దాఖలా లెక్కల్లో కనబడలేదు. తెస్తారన్న అంచనాతోనే ఇతరులు ముందుగా యెన్ కొన్నారు. మార్చి 17 తెల్లవారుజామున న్యూయార్క్ మార్కెట్ ముగిసి, టోక్యోలో ఇంకా పూర్తిగా పని మొదలవ్వని వేళ, కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ పలచగా ఉన్నారు. యెన్ 80 గీత దాటి బలపడగానే, ఇంటి దగ్గర కూర్చుని విదేశీ కరెన్సీల్లో వ్యాపారం చేసే జపాన్ చిన్న మదుపరుల ఒప్పందాలు వరసగా వాటంతటవే ముగిసిపోయాయి. వాళ్లూ యెన్ అమ్మి ఎక్కువ వడ్డీ కరెన్సీలు కొన్నవాళ్లే. కొద్ది నిమిషాల్లోనే రేటు 76.25కు జారింది. మరుసటి రోజు జీ7 దేశాల కేంద్ర బ్యాంకులు కలిసికట్టుగా యెన్లు అమ్మితే గానీ ఆ ఉరవడి ఆగలేదు.

అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆర్థికవేత్తలు 2013లో వెలువరించిన ఒక అధ్యయనం కూడా ఇదే చెప్పింది. భయం పుట్టిన సందర్భాల్లో యెన్ బలపడుతోంది గానీ, ఆ మేరకు పెట్టుబడులు జపాన్‌లోకి ప్రవహించడం కనబడటం లేదని, ఆ కదలికకు మూలం ఎక్కువగా ఫార్వర్డ్ల వంటి ఒప్పందాల్లోనే ఉందని తేల్చింది. ఒక్క డాలరు కూడా టోక్యోకు చేరకుండానే యెన్ బలపడగలదన్నమాట.

ఫ్రాంక్ కథ: బలం కూడా భారమే

స్విట్జర్లాండ్ పరిస్థితి కొంతవరకు జపాన్ లాంటిదే. తక్కువ ద్రవ్యోల్బణం, తక్కువ వడ్డీ, బయటి ప్రపంచానికి అమ్మేది కొనేదానికంటే ఎక్కువ, విదేశాల్లో పెద్ద ఆస్తులు. దానికి తోడు పక్కనే యూరో దేశాలున్నాయి. అక్కడ గడబిడ మొదలైతే డబ్బుకు అతి దగ్గరి ఆసరా స్విట్జర్లాండే. ఇక్కడ మాత్రం భద్రత కోసం వచ్చే అసలైన డబ్బు పాలు యెన్‌లో కంటే ఎక్కువ.

2011లో గ్రీసు అప్పుల సంక్షోభం ముదిరినప్పుడు ఫ్రాంక్ ఎంతగా బలపడిందంటే ఆగస్టులో ఒక యూరో, ఒక ఫ్రాంక్ దాదాపు సమానమయ్యాయి. గడియారాలు, మందులు, యంత్రాలు ఎగుమతి చేసుకునే దేశానికి అది పెద్ద దెబ్బ. తమ సరుకు యూరోల్లో కొనేవాళ్లకు అమాంతం ఖరీదైపోయింది. ఆ ఏడాది సెప్టెంబరు 6న స్విస్ నేషనల్ బ్యాంక్ ఒక గీత గీసింది. యూరోకు 1.20 ఫ్రాంకులకంటే తక్కువ కానివ్వబోమని, అందుకోసం ఎన్ని ఫ్రాంకులైనా సృష్టించి యూరోలు కొంటామని ప్రకటించింది. మూడేళ్లకు పైగా ఆ మాట నిలబెట్టుకుంది. 2015 జనవరి 15న, ముందస్తు సూచన ఏదీ లేకుండా, ఆ గీతను చెరిపేసింది. నిమిషాల వ్యవధిలో ఫ్రాంక్ ఒక దశలో దాదాపు 30 శాతం ఎగిసింది.

ఆ దెబ్బ అందరికంటే గట్టిగా తగిలింది పోలెండ్‌లోని మధ్యతరగతి కుటుంబాలకు. వాళ్ల జీతాలు ఆ దేశ కరెన్సీ అయిన జ్లోటీల్లో వస్తాయి. కానీ ఇంటి రుణాలు ఫ్రాంకుల్లో తీసుకున్నారు, ఎందుకంటే వడ్డీ తక్కువ. 2008 మధ్యలో ఒక ఫ్రాంక్‌కు సుమారు 2 జ్లోటీలు. 2015 జనవరి పరిణామం తర్వాత 4 జ్లోటీలు దాటింది. ఆరున్నరేళ్లు క్రమం తప్పకుండా వాయిదాలు కట్టిన కుటుంబం కూడా, జ్లోటీల్లో లెక్క చూసుకుంటే, తెచ్చినదానికంటే ఎక్కువే బాకీ ఉన్నట్టు తేలింది. తక్కువ వడ్డీ అన్న ఒక్క మాట చూసి ఏ కరెన్సీలో అప్పు తీరుస్తున్నామో చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ లేదు.

డాలర్ దారి వేరు

డాలర్ వడ్డీ ఎప్పుడూ తక్కువగా ఉండదు. అమెరికా బయటి ప్రపంచానికి పెద్ద బాకీదారు కూడా. అయినా భయం ముదిరితే డాలర్ బలపడటమే ఎక్కువ సార్లు చూశాం. కారణం మళ్లీ అప్పే. అమెరికా బయట ఉన్న కంపెనీలు, ప్రభుత్వాలు, బ్యాంకులు కాని ఇతర సంస్థలు తీసుకున్న డాలర్ అప్పులు 12 లక్షల కోట్ల డాలర్లకు పైమాటే. చమురు నుంచి విమానాల దాకా ప్రపంచ వాణిజ్యంలో పెద్ద భాగం డాలర్లలోనే నడుస్తుంది. వ్యాపారం నడిచినా ఆగిపోయినా ఆ వాయిదాలు డాలర్లలోనే కట్టాలి.

2020 మార్చిలో కరోనా ప్రపంచాన్ని స్తంభింపజేసినప్పుడు ఇది రెండు దశల్లో కనబడింది. మొదట యెన్ బలపడింది. ఫిబ్రవరిలో 112 దగ్గరున్న రేటు మార్చి 9కి 101 దగ్గరకు వచ్చింది. ఆ తర్వాత భయం మరో మెట్టెక్కింది. కంపెనీలు వచ్చే నెలల ఖర్చుల కోసం చేతికి దొరికినన్ని డాలర్లు పోగేసుకోసాగాయి. బంగారం అమ్మారు, చివరికి అమెరికా ప్రభుత్వ బాండ్లు కూడా అమ్మి డాలర్ నగదు తీసుకున్నారు. ఆ రెండు వారాల్లో యెన్ మళ్లీ 111 దాకా బలహీనపడింది. మామూలు భయంలో యెన్, ఫ్రాంక్ బలపడతాయి. నగదే దొరకదేమోనన్న భయంలో వాటిని కూడా డాలర్ ఓడిస్తుంది. అమెరికా ఫెడరల్ రిజర్వ్ తనకు దగ్గరైన కొన్ని దేశాల కేంద్ర బ్యాంకులకు నేరుగా డాలర్లు అరువిచ్చాక, సొంత బాండ్లను పెద్ద ఎత్తున కొన్నాక ఆ ఒత్తిడి సడలింది.

ప్రతిసారీ ఇలాగే జరగదు

సురక్షిత కరెన్సీ అనేది శాశ్వత బిరుదు కాదు. భయం ఏ రకమైనదన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు చాలామంది యెన్ బలపడుతుందనుకున్నారు. డాలర్‌కు 115 దగ్గరున్న యెన్ ఆ అక్టోబరుకల్లా 152 దగ్గరకు పడిపోయింది. ఆనాటి భయం మాంద్యం గురించి కాదు, ధరల పెరుగుదల గురించి. ధరలు అదుపు చేయడానికి అమెరికా వడ్డీ రేట్లు వేగంగా పెంచుతుంటే, బ్యాంక్ ఆఫ్ జపాన్ కదలలేదు. వడ్డీ తేడా పెరిగే కొద్దీ యెన్ అప్పులు తీర్చడానికి బదులు జనం కొత్త అప్పులు చేశారు. పైగా జపాన్ తనకు కావలసిన చమురు, గ్యాస్ దాదాపు పూర్తిగా బయటినుంచే కొంటుంది. వాటి ధర పెరిగితే డాలర్ల కోసం మరిన్ని యెన్లు అమ్మక తప్పదు.

2025 ఏప్రిల్‌లో డాలర్ వంతు వచ్చింది. అమెరికా భారీ సుంకాలు ప్రకటించాక షేర్లు పడిపోయాయి. మామూలుగా అయితే ఆ సమయంలో డాలర్, అమెరికా బాండ్లు రెండూ బలపడాలి. కానీ డాలర్ తగ్గింది, బాండ్ల ధరలూ తగ్గాయి, ఫ్రాంక్, యెన్, బంగారం పైకి వెళ్లాయి. భయం పుట్టిన ఇల్లే ఆశ్రయం ఇవ్వడం కష్టమని ఆ కొద్ది వారాలు చూపించాయి.

కాబట్టి వార్తల్లో ఏదైనా సంక్షోభం కనబడినప్పుడు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు. ఈ భయం వల్ల అమెరికాలో వడ్డీ రేట్లు తగ్గుతాయా, పెరుగుతాయా? తగ్గేటట్టయితే యెన్ అప్పులు వెనక్కి వస్తాయి, పెరిగేటట్టయితే రాకపోవచ్చు. రెండోది, అంతకుముందు నెలల్లో యెన్ మీద అప్పులు ఎంత పోగయ్యాయి? యెన్ చాలాకాలంగా బలహీనపడుతూ, మార్కెట్లు చాలాకాలంగా ప్రశాంతంగా ఉండి ఉంటే పోగు పెద్దదై ఉంటుంది, తెగినప్పుడు దెబ్బ కూడా పెద్దదిగా ఉంటుంది. షేర్లు పడుతున్న రోజునే ఎక్కువ వడ్డీ ఇచ్చే కరెన్సీలన్నీ యెన్ ముందు ఒకేసారి కుంగుతున్నాయంటే, తెగడం మొదలైందని గుర్తు.

రూపాయి ఎటు వైపు?

ఈ లెక్కలో మన రూపాయి అవతలి ఒడ్డున ఉంది. ఎక్కువ వడ్డీ, ఎదుగుదల ఆశ చూసి మంచి రోజుల్లో విదేశీ డబ్బు ఇక్కడికి వస్తుంది. భయం వేయగానే అదే డబ్బు వెళ్లిపోతుంది. 2020 మార్చి ఒక్క నెలలో విదేశీ మదుపు సంస్థలు మన షేర్లు, బాండ్ల నుంచి లక్ష కోట్ల రూపాయలకు పైగా వెనక్కి తీసుకున్నాయి. ఫిబ్రవరిలో డాలర్‌కు 72 దగ్గరున్న రూపాయి మార్చి చివరికి 75 దాటింది. రిజర్వ్ బ్యాంకు తన నిల్వల్లోంచి డాలర్లు అందించి పతనాన్ని నెమ్మదింపజేయగలదు గానీ ప్రవాహం దిశను మార్చలేదు.

రూపాయి తగ్గడం, యెన్ పెరగడం ఒకే భయానికి రెండు ముఖాలు కాబట్టి, యెన్లలో బాకీ ఉన్న భారతీయులకు దెబ్బ రెండు వైపుల నుంచీ తగులుతుంది. 2008 జనవరిలో 100 యెన్లకు సుమారు 36 రూపాయలు. సెప్టెంబరులో లేమన్ బ్రదర్స్ కూలింది, ప్రపంచమంతా క్యారీ ట్రేడ్లు తెగిపోయాయి. 2009 జనవరికి 100 యెన్లు సుమారు 54 రూపాయలయ్యాయి. వడ్డీ శాతం పైసా పెరగకుండానే, యెన్ బాకీ రూపాయల్లో ఏడాదిలో దాదాపు సగం మేర బరువెక్కింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగానికి 2008లో కుదిరిన జపాన్ ప్రభుత్వ రుణం యెన్లలోనే ఉంది. వడ్డీ చాలా తక్కువ, తీర్చే గడువు దీర్ఘం. అలాంటి రుణాలు చెడ్డవని కాదు. దశాబ్దాల గడువులో యెన్ బలహీనపడే రోజులూ వస్తాయి, 2024లో అలాంటి రోజులే చూశాం. కానీ వాటి అసలు ధర ఒప్పందంలో రాసి ఉన్న వడ్డీ శాతం కాదు. వడ్డీ శాతం, దానికి తోడు గడువు పొడవునా యెన్‌తో రూపాయి విలువ మారే తీరు. రెండో దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ‘చౌక రుణం’ అని ప్రకటించడం సగం నిజమే అవుతుంది.

ఒక కుటుంబానికి కూడా ఇదే కొలమానం. పిల్లల్ని అమెరికా చదువుకు పంపే తెలుగు తల్లిదండ్రులు ఇక్కడ రూపాయల్లో సంపాదించి అక్కడ డాలర్లలో ఫీజు కడతారు. ప్రపంచం భయపడే సంవత్సరంలో రూపాయి తగ్గుతుంది, సరిగ్గా అదే సంవత్సరంలో ఇక్కడ వ్యాపారాలు మందగిస్తాయి, అక్కడ పిల్లలకు ఉద్యోగాలు దొరకడం ఆలస్యమవుతుంది. మూడూ కలిసే వస్తాయి, ఎందుకంటే మూడింటికీ మూలం ఒకటే. అందుకే రెండేళ్ల ఫీజుకు ఈ రోజు రేటు పెట్టి లెక్క వేసుకోవడం చాలదు. రూపాయి పది శాతం తగ్గినా కట్టగలమా అని కూడా వేసుకోవాలి. రెండో ఏడాది ఫీజులో కొంత భాగమైనా ముందుగానే డాలర్లలోకి మార్చి ఉంచుకునే వీలుంటే అది లాభం కోసం చేసే పని కాదు, ఆదాయం ఒక కరెన్సీలోనూ బాకీ మరో కరెన్సీలోనూ ఉన్నప్పుడు తప్పనిసరిగా పడాల్సిన జాగ్రత్త. ఆ జాగ్రత్త పడాల్సిన సమయం మార్కెట్లు ప్రశాంతంగా ఉన్నప్పుడే. భయం మొదలయ్యాక అందరూ కొనేదే మనమూ కొనాలి, వాళ్లు పెంచిన ధరకే కొనాలి.